సంతకం ఒప్పుకున్న తరువాత రుజువు ఎవరు చేయాలి: ఒకే బాకీ మీద చెక్కు కేసు, ప్రోనోటు దావా

ప్రశ్న: మాది గుంటూరు. మా నాన్నగారు మిర్చి యార్డులో చిన్న కమీషన్ వ్యాపారి. 2021 మార్చిలో ఒకాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకుంటూ, సంతకం మాత్రమే పెట్టిన ప్రోనోటు ఒకటి, ఖాళీ చెక్కు ఒకటి ఇచ్చారు. పది నెలల్లో వడ్డీతో కలిపి 3 లక్షల 60 వేలు కట్టేశారు. అందులో 2 లక్షల 40 వేలు బ్యాంకు ద్వారా, మిగతాది నగదు. కాగితాలు వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఆయన 2023 జూన్‌లో 9 లక్షలు నగదుగా ఇచ్చానంటూ చెక్కు బౌన్సు కేసు, ప్రోనోటు మీద సివిల్ దావా రెండూ వేశారు. లాయరు నోటీసుకు మేము జవాబు ఇవ్వలేదు. క్రిమినల్ కేసులో అంతా ఫిర్యాదు చేసినవారే రుజువు చేయాలి కదా సర్, మేము మౌనంగా ఉంటే చాలదా? రెండు కేసుల్లో రుజువు లెక్క ఒకటేనా?

సమాధానం:

చాలదండీ. మీరు చెప్పిన నియమం దొంగతనం కేసుకో, కొట్లాట కేసుకో సరిపోతుంది. చెక్కు కేసుకు మాత్రం చట్టమే ఒక మినహాయింపు పెట్టింది. అది తెలియక చేతులు కట్టుకుని కూర్చుని శిక్ష పడినవారిని గుంటూరు కోర్టుల్లో నేను చాలామందినే చూశాను. అయితే ఆ మినహాయింపు మీ నాన్నగారి మీద వేసే బరువు మీరు భయపడేంత పెద్దది కూడా కాదు.

ముందుగా రెండు ప్రశ్నలను విడివిడిగా చూడాలి. రుజువు చేయవలసింది ఎవరు అనేది ఒకటి, ఎంత గట్టిగా రుజువు చేయాలి అనేది మరొకటి. కక్షిదారులు ఈ రెంటినీ కలిపేసుకుంటారు. అప్పుడప్పుడు మా వకీళ్లూ కలిపేస్తారు. మొదటి ప్రశ్నకు సివిల్‌లోనైనా క్రిమినల్‌లోనైనా జవాబు ఒకే చోట మొదలవుతుంది: ఏ విషయం ఉందని చెప్పి కోర్టును తీర్పు అడుగుతున్నారో, ఆ విషయాన్ని వారే రుజువు చేయాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 101వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 104వ సెక్షను. అంకె మారింది గాని సూత్రం మారలేదు.

తేడా అంతా రెండవ ప్రశ్నలో ఉంది. సివిల్ దావాలో ఇరువైపుల సాక్ష్యాన్ని తూచి, ఎవరి మాట జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో జడ్జిగారు చూస్తారు. త్రాసు కొద్దిగా ఒకవైపు మొగ్గితే చాలు, తీర్పు అటే. క్రిమినల్ కేసులో ఆ మొగ్గు చాలదు. ముద్దాయి నేరం చేశాడనడంలో సహేతుకమైన సందేహం మిగలకూడదు. ఊహించి తెచ్చుకున్న అనుమానం లెక్కలోకి రాదు గాని, సాక్ష్యంలోంచే పుట్టిన నిజమైన సందేహం ఒక్కటి నిలబడినా ముద్దాయి విడుదల కావాలి.

ఇక మినహాయింపు సంగతి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 118(ఎ), 139 అని రెండు సెక్షన్లు ఉన్నాయి. మొదటిది ప్రోనోటుకూ చెక్కుకూ రెంటికీ వర్తిస్తుంది: ఆ పత్రం ప్రతిఫలానికే, అంటే నిజంగా ముట్టిన సొమ్ముకే రాసి ఇచ్చారని కోర్టు భావించాలి. రెండవది చెక్కుకు మాత్రమే: చెక్కు ఎవరి చేతిలో ఉందో, వారు దాన్ని అప్పు తీరుదల కిందే పుచ్చుకున్నారని భావించాలి. ఇక్కడ ‘భావించాలి’ అన్న మాటను జాగ్రత్తగా చదవండి. చట్టంలో భావనలు మూడు రకాలు. కోర్టు ఇష్టాన్ని బట్టి భావించవచ్చు అనేవి కొన్ని, తప్పుగా రుజువయ్యే వరకు భావించి తీరాలి అనేవి కొన్ని, ఎదురు సాక్ష్యమే వినకూడదు అనే తిరుగులేనివి కొన్ని. మనది రెండో రకం. తలుపు మూసే ఉంటుంది గాని తాళం వేసి ఉండదు, తీయవలసింది మీరు.

139వ సెక్షను కింద భావించేది చెక్కు చేతులు మారిందన్న సంగతి మాత్రమేనా, అసలు అప్పు ఉందన్న సంగతి కూడానా అని కొంతకాలం వాదం నడిచింది. 2010లో రంగప్ప కేసులో ముగ్గురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ వాదాన్ని ముగించింది. చట్టబద్ధంగా వసూలు చేసుకోదగిన అప్పు ఉందన్నది కూడా ఆ భావనలో భాగమేనని చెప్పింది. అందువల్ల మీ నాన్నగారు చెక్కు మీది సంతకం తనదే అని ఒప్పుకున్న క్షణం నుంచి, అవతలివారు 9 లక్షలు ఇచ్చినట్లు వేరే సాక్ష్యం ఏదీ చూపకపోయినా, అప్పు ఉన్నట్లే కోర్టు ముందుకు నడుస్తుంది. ఆ తరువాత మీ మౌనం అవతలివారికి మేలు చేస్తుంది.

ఖాళీ చెక్కు కదా, రాత మాది కాదు కదా అని మీరు అడుగుతారని తెలుసు. ఆ ఒక్క మాట మీదే నిలబడవద్దు. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఇష్టపూర్వకంగా ఇచ్చినా, దాన్ని తరువాత వేరొకరు పూరించినా, 139వ సెక్షను భావన అలాగే నిలుస్తుందని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. అంకెలు వేరే సిరాతో ఉన్నాయని నిపుణుడి చేత చెప్పించడానికి డబ్బు, ఏడాది కాలం ఖర్చుపెట్టి, చివరికి అది నిజమే అయినా కేసుకు పనికిరాలేదని తెలుసుకున్నవారు ఉన్నారు.

అలాగని సంతకమే నాది కాదనడం అంతకంటే ప్రమాదం. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చిన ఒక కక్షిదారు నోటీసు జవాబులో సంతకం తనది కాదన్నారు, బెయిలు రోజున చెక్కు పోయిందన్నారు, విచారణలో హామీ కోసం ఇచ్చానన్నారు. మూడోదే నిజం. కాని మొదటి రెండూ కాగితం మీదికి ఎక్కి ఉండటంతో ఆ నిజానికి విలువ లేకుండా పోయింది. కేసు ఓడిపోయాం.

ఇప్పుడు మీకు ఊరట కలిగించే భాగానికి వద్దాం. ఈ భావనను తొలగించడానికి ముద్దాయి ఎంత రుజువు చేయాలి? ఫిర్యాదికి ఉన్నంత కఠినమైన ప్రమాణం ఆయనకు లేదు. సివిల్ దావాలో ఉండే మొగ్గు చాలు. అప్పు లేదని సందేహాతీతంగా నిరూపించనక్కరలేదు. అప్పు లేకపోవడమే ఎక్కువ సంభవం అని వివేకం ఉన్న మనిషికి తోస్తే సరిపోతుంది. అందుకు ముద్దాయి స్వయంగా బోనెక్కి తీరాలన్న నియమం కూడా లేదు. ఫిర్యాది తెచ్చిన కాగితాల నుంచి, క్రాస్‌లో ఫిర్యాది నోటి నుంచి వచ్చిన మాటల నుంచి కూడా ఆ మొగ్గును చూపించవచ్చు. 2019లో బసలింగప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నిటినీ ఒకచోట చేర్చి చెప్పింది. అక్కడ 6 లక్షల చెక్కు. అదే కాలంలో ఫిర్యాది ఇతరత్రా కూడా పెద్ద మొత్తాలు చెల్లించినట్లు సాక్ష్యంలో బయటపడింది. దీనికి తోడు ఈ 6 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయంటే ఆయన చూపలేకపోయాడు. హైకోర్టు వేసిన శిక్షను తీసేసి, కింది కోర్టు ఇచ్చిన విడుదల తీర్పునే సుప్రీంకోర్టు నిలబెట్టింది.

ఇక్కడ మీకు ఒక లోటు ఉంది. ఇంత సొమ్ము ఇచ్చే స్తోమత ఫిర్యాదికి లేదని మీరు నోటీసు జవాబులోనే రాసి ఉంటే, ఆ స్తోమతను చూపవలసిన అవసరం మొదటి నుంచే ఆయన మీద పడేది. జవాబు ఇవ్వలేదు గనుక స్తోమతను ముందుగా రుజువు చేయవలసిన బాధ్యత ఆయనకు లేదు. 2022లో తేఢీ సింగ్ కేసు సారాంశం ఇదే. అయితే దారి మూసుకుపోలేదని కూడా ఆ తీర్పే చెబుతుంది: క్రాస్‌లోనో, మీ సొంత సాక్ష్యంతోనో స్తోమత లేదని మీరు చూపవచ్చు. నోటీసుకు జవాబు ఇవ్వకపోవడాన్ని ఎదుటి లాయరు తప్పకుండా ఎత్తిచూపుతారు. దానికి ఒక నిజాయితీ గల కారణం మీ దగ్గర ఉండాలి.

సరే, మీ కేసునే తీసుకుని ఈ భారం ఎలా చేతులు మారుతుందో చూద్దాం. ఫిర్యాది ముందుగా చెక్కు, బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో, 30 రోజుల లోపల పంపిన నోటీసు, ఆ తరువాత 15 రోజుల్లో సొమ్ము రాలేదన్న సంగతి, సకాలంలో వేసిన ఫిర్యాదు చూపాలి. ఈ పునాది విషయాలు రుజువు చేయవలసింది ఆయనే. వీటిలో తేదీలను మీ లాయరు వేళ్లమీద లెక్కపెట్టాలి. ఇవి సరిగా ఉండి, సంతకం మీది అయితే, భావన వచ్చి కూర్చుంటుంది.

అక్కడి నుంచి మీ వంతు. మీ చేతిలో ఉన్న మొదటి బలం ఆ 2 లక్షల 40 వేల బ్యాంకు బదిలీలు. అవి 2023 అప్పు లేదని నేరుగా చెప్పవు గాని, 2021లో ఇద్దరి మధ్య ఒక లావాదేవీ ఉండేదని చెబుతాయి. ఫిర్యాదులో ఆయన ఆ పాత అప్పు ఊసే ఎత్తకపోయినా, మీ నాన్నగారితో అంతకుముందు ఏ లావాదేవీ లేదని ప్రమాణం చేసి ఉన్నా, ఆ బదిలీలు ఆయన మాటను అక్కడికక్కడే దెబ్బతీస్తాయి.

రెండవది చాలామందికి తట్టదు. చెక్కు మీద వరుస నంబరు ఉంటుంది. మీ నాన్నగారి చెక్కు పుస్తకం ఏ తేదీన ఇచ్చారో, ఈ చెక్కుకు ముందు నంబరు, తరువాతి నంబరు ఎప్పుడు చెల్లుబాటు అయ్యాయో ఖాతా స్టేట్‌మెంటులో కనిపిస్తుంది. ముందుదీ వెనుకదీ 2021 మార్చి, ఏప్రిల్ నెలల్లోనే నగదై, మధ్యలో ఈ ఒక్కటే నాలుగేళ్ల తరువాత బయటికి వచ్చిందంటే, అది 2021లోనే పుస్తకం నుంచి చిరిగిందన్న మాట సహజంగా నమ్మదగినది అవుతుంది. స్టేట్‌మెంటును బ్యాంకు ధ్రువీకరణతో తెప్పించండి. వీలైతే బ్యాంకు అధికారిని సాక్షిగా పిలిపించండి.

మూడవది క్రాస్. తొమ్మిది లక్షలు నగదుగా ఎక్కడి నుంచి తెచ్చారు? పంట అమ్మిన సొమ్మా, అయితే తక్‌పట్టీలు ఏవి? బ్యాంకులో తీశారా, అయితే ఆ నెల స్టేట్‌మెంటు ఏది? వడ్డీ వ్యాపారం చేస్తారా, అయితే చిట్టా, ఆవర్జా ఏవి? ఆదాయపు పన్ను రిటర్నులో ఈ సొమ్ము చూపారా? వడ్డీ ఎంతకు ఇచ్చారు, ఒక్క నెల వడ్డీ అయినా పుచ్చుకున్నారా? మూడు లక్షల వరకు నిదానంగా ఇచ్చిన మనిషి తొమ్మిది లక్షలు ఒక్కసారిగా ఎందుకు ఇచ్చారు? ఈ ప్రశ్నలకు గుర్తు లేదు, చూపలేను అన్న జవాబులు వరుసగా వస్తే, ఆ వరుసే మీ సాక్ష్యం. అయితే అడిగి వదిలేయకూడదు. లెక్కల పుస్తకాలు కోర్టులో పెట్టమని రాతపూర్వకంగా దరఖాస్తు వేయాలి. ఉన్న పుస్తకం తేకపోతే అది ఆయనకు ప్రతికూలంగా ఉందని కోర్టు భావించవచ్చు.

ఈ చివరి మాట వెనుక 1961 నాటి కుందన్ లాల్ తీర్పు ఉంది. రాసినవారు మన తెలుగువారే, జస్టిస్ కోకా సుబ్బారావు గారు. ప్రతిఫలం ముట్టిందన్న చట్టపరమైన భావనను, పుస్తకాలు దాచారన్న సంగతి నుంచి పుట్టే మరో భావనతో కూడా తొలగించవచ్చని అందులో ఉంది. రుజువు భారం అన్న మాటకు రెండు అర్థాలని కూడా ఆయన విడమరిచారు. వాదపత్రాలను బట్టి ఎవరి మీద పడాలో నిర్ణయమయ్యే భారం ఒకటి. అది విచారణ ముగిసే దాకా కదలదు. సాక్ష్యం తేవలసిన వంతు మరొకటి. ఒకరు తగినంత చూపగానే అది ఎదుటివారికి వెళుతుంది, వారు చూపితే మళ్లీ ఇటు వస్తుంది. మీ సమస్య అంతా ఈ రెండో దానిలోనే ఉంది.

ఆ మూడింటితో కోర్టుకు మొగ్గు మీవైపు కనిపిస్తే భావన వెళ్లిపోతుంది. వెళ్లిపోయిందంటే, ఫిర్యాది ఇక ఆ సెక్షన్ల చాటున నిలబడలేరు. 9 లక్షలు ఇచ్చిన సంగతిని మామూలు నేరం రుజువు చేసినట్లే, సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. నగదు, చేతిరాత, ఒకరిద్దరు సొంత మనుషుల సాక్ష్యం తప్ప మరేమీ లేనివారికి అది కష్టం.

ఇక్కడ ఒక హెచ్చరిక. సాక్షుల విచారణ అయ్యాక జడ్జిగారు ముద్దాయిని ప్రశ్నలు అడుగుతారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 313, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 351వ సెక్షను. అప్పుడు మీ నాన్నగారు ‘అప్పు తీర్చేశాను, ఖాళీ చెక్కు వాడుకున్నారు’ అని చెప్పినంత మాత్రాన అది సాక్ష్యం కాదు. ప్రమాణం మీద ఇచ్చిన వాంగ్మూలం కాదది. నగదుగా ఇచ్చిన 1 లక్ష 20 వేల గురించి చెప్పగలిగినవారు మీ నాన్నగారే అయితే, బోనెక్కి చెప్పి క్రాస్‌కు నిలబడటమే మేలని నా అభిప్రాయం. ఎక్కనక్కరలేదన్న సూత్రం, ఫిర్యాది సాక్ష్యంలోనే అంతా దొరికినవారికి పనికొస్తుంది.

ఇప్పుడు సివిల్ దావా. ప్రోనోటుకు 118(ఎ) ఉంది గాని 139 లేదు. అయినా మొదటి మెట్టు దాదాపు అదే: నోటు రాసి ఇవ్వడం రుజువైతే సొమ్ము ముట్టినట్లు భావిస్తారు, కాదని చూపవలసింది ప్రతివాది. దీనిపై మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ జి. వాసు కేసులో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ మాకు దారి చూపిస్తుంది. ప్రతివాది నేరుగా సాక్ష్యం తేనక్కరలేదు, పరిస్థితుల వల్ల ప్రతిఫలం లేకపోవడమే సంభవమని చూపినా చాలు, అప్పుడు వంతు వాదికి వెళుతుంది, వాది నిరూపించలేకపోతే 118వ సెక్షను మళ్లీ వచ్చి ఆయనను కాపాడదు. సుప్రీంకోర్టు 1999లో భారత్ బారెల్ కేసులో ఈ అభిప్రాయాన్నే ఆమోదించింది. ప్రతిఫలం అసలే లేదని నిరూపించడం ఎవరి తరమూ కాదని, లేనిదాన్ని చూపమనడం తగదని అందులోని తర్కం.

అంటే రెండు కేసుల్లోనూ మీ నాన్నగారు ఎక్కవలసిన మెట్టు ఎత్తు ఒకటే. తేడా వచ్చేది ఆ మెట్టు ఎక్కాక, వంతు అవతలివారికి తిరిగి వెళ్లినప్పుడు. ఉదాహరణకు ప్రోనోటు దస్తూరి రాసినాయన, ఇద్దరు సాక్షి సంతకందారులు కోర్టుకు వచ్చి, 2023 జూన్‌లో మా కళ్ల ముందే సొమ్ము లెక్కపెట్టి ఇచ్చారని చెప్పారనుకోండి. వారిలో ఒకరు వాది దగ్గర గుమాస్తా, మరొకరు ఇచ్చిన సమయాన్ని తప్పు చెప్పారు. కొట్టిపారేయదగిన సాక్ష్యం కాదది, నిశ్చింతగా నమ్మదగినదీ కాదు. సివిల్ జడ్జిగారు దాన్ని మీ చెక్కు నంబర్లతో తూచి, వాది మాటే కాస్త ఎక్కువ సంభవమనుకుంటే డిక్రీ ఇవ్వవచ్చు. అదే సాక్ష్యం మీద మేజిస్ట్రేటు గారు, సందేహం మిగిలింది గనుక శిక్ష వేయలేనని విడుదల చేయవచ్చు. రెండు తీర్పులూ చట్టప్రకారం సరైనవే. క్రిమినల్ కేసు కొట్టేశారు కాబట్టి సివిల్ దావా దానంతట అదే పోతుందని అనుకుని వాయిదాలకు వెళ్లడం మానేయవద్దు. క్రిమినల్ కోర్టు ఇచ్చిన విడుదల తీర్పు సివిల్ కోర్టును కట్టిపడేయదు.

చెల్లు రాయించుకోకపోవడం సివిల్‌లో మీకు బాగా నష్టం చేసేదే, ఆయన పాత 3 లక్షల నోటు మీదే దావా వేసి ఉంటే. ఆయన 2023 తేదీ వేసుకుని కొత్త కథ చెప్పారు గనుక, ఆ కథకు ఆయనే కట్టుబడాలి. ‘అది కాకపోతే పాత బాకీ మీద అయినా ఇప్పించండి’ అని మధ్యలో మాట మార్చితే, ప్రోనోటులో రాసిన ప్రతిఫలం అబద్ధమని తానే ఒప్పుకున్నట్లు అవుతుంది. క్రాస్‌లో ఈ మార్పు ఏ రూపంలో వచ్చినా మీ లాయరుగారు దాన్ని అక్షరం పొల్లు పోకుండా రికార్డు చేయించాలి.

ఇక చేయవలసిన పని. సివిల్ దావాలో సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా అనుమతించవచ్చు. చెక్కు కేసు కంటే ముందు అక్కడ మీ మాట కాగితం మీదికి వస్తుంది గనుక దాన్ని తొందరలో రాయించవద్దు. 2021 అప్పు, వడ్డీ లెక్క, నెలకు 6 వేల చొప్పున పది నెలలకు 60 వేలు, బ్యాంకు బదిలీల తేదీలు, నగదు ఎవరి ఎదుట ఇచ్చారు, చెక్కు నంబరు, నోటీసుకు జవాబు ఎందుకు ఇవ్వలేదు, ఇవన్నీ అందులో ఉండాలి. చెక్కు కేసులో క్రాస్ ప్రశ్నలు ఆ జవాబును పక్కన పెట్టుకునే తయారు చేయాలి. రెండు కేసులకు ఇద్దరు లాయర్లను పెట్టుకున్నట్లయితే, సంతకం పెట్టే ముందు ఆ ముసాయిదాను రెండవవారికి కూడా ఒకసారి చదివించండి.